రోజుకు రెండు పోట్లు ఎందుకు?

నేను నౌకాదళంలో కొత్తగా చేరినప్పుడు గుజరాత్ తీరంలో సోమవారం ఉదయం ఆరింటికి నిండు పోటు చూశాను. అదే లెక్కతో శుక్రవారం ఆరింటికి బోటు ఒడ్డుకు తెచ్చాను. అడుగు ఇసుకలో దిగబడింది. మా పెట్టీ ఆఫీసర్ గారు నవ్వి, "చంద్రుడు నీ గడియారం చూసి నడుస్తాడటయ్యా?" అన్నారు.

చంద్రుడి వైపున్న నీటిని ఆయన ఎక్కువగా లాగుతాడు, కనుక అక్కడ ఉబ్బు. మరి అవతలి వైపు? అక్కడి నీటి కన్నా భూమినే ఎక్కువగా లాగుతాడు. నీరు వెనకబడి అక్కడా ఉబ్బుతుంది. తిరిగే భూమి మీద మన రేవు రెండు ఉబ్బుల్నీ దాటుతుంది. అందుకే రెండు పోట్లు.

ఈలోగా చంద్రుడూ ముందుకు జరుగుతాడు. అతణ్ణి అందుకోవడానికి భూమికి 24 గంటల 50 నిమిషాలు కావాలి. నాలుగు రోజులకు 3 గంటల 20 నిమిషాల ఆలస్యం. నా బోటుకు నిండు పోటు 9.20కి!

అయితే ఖండాలు అడ్డుపడటం వల్ల, తీరం ఆకారం వల్ల కొన్నిచోట్ల ఒకే పోటు వస్తుంది. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. భావనగర్‌లో పది మీటర్ల దాకా. కాబట్టి చంద్రుణ్ణి చూడండి, ఆ రేవు పోటుపట్టికనూ చూడండి. సెలవు.