నోటికి పలికే నాటకం



కందుకూరి వీరేశలింగం పంతులుగారు షేక్స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆధారంగా ‘చమత్కార రత్నావళి’ రాసి, 1880లో మన రాజమండ్రిలో విద్యార్థుల చేత ఆడించారు. ఆ ఇంగ్లీషు నాటకాన్నే మహిళామండలిలో ఆడటానికి మనం తెలుగు చేయబోతే ఏమేం చూసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

కథలో ఒకే పోలిక గల కవలలు ఇద్దరు. ఇద్దరి పేరూ ఆంటిఫోలస్సే. వాళ్ళ నౌకర్లూ కవలలే, ఇద్దరూ డ్రోమియోలే. ఒక జంటది ఎఫెసస్ ఊరు. రెండో జంట సిరక్యూస్ నుంచి ఆ రోజే అక్కడికి వస్తుంది. ఎఫెసస్ ఇల్లాలు ఏడ్రియానా ఆ కొత్తాయన్ని చూసి, తన భర్తే అనుకుని భోజనానికి లాక్కుపోతుంది.

ఇంగ్లీషులో ఆవిడ భర్తను పేరు పెట్టి పిలుస్తుంది. మన ఇల్లాలి నోట "ఏమండీ" అనే వస్తుంది. కాని మా పేర్లు ఈవిడకెలా తెలిశాయని ఆ కొత్తాయన నివ్వెరపోవాలి కదా! ఉత్త "ఏమండీ"తో ఆ ఆశ్చర్యానికి ఆధారం పోతుంది. నౌకరు పేరైతే ఆవిడ ధారాళంగా పలకవచ్చు. "ఏమండీ, ఇంత ఆలస్యమా? ఒరే డ్రోమియో, అయ్యగారి కాళ్ళకి నీళ్ళు పెట్టు." అప్పుడు ఆయన "వీడి పేరు ఈవిడకెలా తెలుసు?" అంటాడు. మర్యాదా నిలిచింది, కథా నిలిచింది.

తరవాత అసలు భర్త స్నేహితులతో ఇంటికొస్తే తలుపు గడియ వేసి ఉంటుంది. "భోజనానికి పిలిచి తీసుకువచ్చిన స్నేహితుల యెదుట నన్ను గుమ్మంలో నిలబెట్టిన నీవెవరవు?" అని రాశామనుకోండి. వ్యాకరణం తప్పులేదు. కాని తెలుగులో అసలు మాట చివరికి పడుతుంది. అక్కడికి చేరేసరికి నటికి ఊపిరి అయిపోతుంది, కోపం చల్లారిపోతుంది. "ఎవడ్రా నువ్వు? స్నేహితుల్ని భోజనానికి తీసుకొచ్చాను. తలుపు తియ్యి!" అంటే ఒక్కొక్క మాటా ఒక్కొక్క దెబ్బలా పడుతుంది.

ఇక రంగసూచన. లోపలినుంచి జవాబిచ్చేది సిరక్యూస్ డ్రోమియో, బయట ఉన్నది ఎఫెసస్ డ్రోమియో. ‘డ్రోమియో (లోపల)’ అని రాస్తే ఏ డ్రోమియో? పైగా ‘లోపల’ అంటే మనసులో అనుకోవడమని కూడా నటి పొరబడవచ్చు. అందుకని మాటకి ముందే ‘సిరక్యూస్ డ్రోమియో (మూసిన తలుపు వెనకనుంచి, గట్టిగా)’ అని రాయాలి. ‘నౌకర్లిద్దరూ ఒకరికొకరు కనబడరు’ అని రంగం మొదట్లోనే చెప్పాలి. వాళ్ళు ఎదురుపడ్డారంటే అయిదో అంకం దాకా నడవవలసిన చిక్కుముడి మూడో అంకంలోనే విడిపోతుంది!

రాసింది సరిగా ఉందో లేదో తెలియాలంటే, కథ తెలియని పక్కింటావిడ చేత పైకి చదివించండి. ఆవిడ వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్నచోట దాన్ని రెండు ముక్కలు చేయండి. "ఈ మాట ఎవరిది వదినా?" అని అడిగినచోట సూచన తిరగరాయండి.