వినబడని మాటకు గుర్తు పెట్టండి

(సభల నివేదికలు, వినతిపత్రాలు రాసే కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



మన సభలలో మాట్లాడేవారు అనేకులు. ఆ మాటలను ఫోనులో రికార్డు చేసి, తరువాత రెండు పుటల సారాంశంగా మార్చేవారు ఒకరో ఇద్దరో. వినతిపత్రమైనా, కమిషన్ ముందు పెట్టే నివేదికయైనా ఆ రెండు పుటల మీదనే నిలుస్తుంది. రికార్డును మరల వినేవారు అరుదు. అందుచేత రికార్డులో వినబడని చోట రాసేవారు ఏమి చేస్తారన్నది చాలా ముఖ్యమైన విషయం. ఈనాడు ఆ ఒక్క విషయమే తమ ముందు ఉంచదలచాము.

మాటకు మాట రాసుకొన్న పూర్తి ప్రతిలో ఖాళీ ఉంటే కంటికి కనబడుతుంది. సారాంశంలో అలా కాదు. సారాంశం వాక్యాలను కలుపుతుంది, అతుకులను మాపివేస్తుంది. సగం విన్న మాట కూడా అందులో నిండు వాక్యంగా నిలబడుతుంది. చదివేవారికి ఏది విన్నది, ఏది ఊహించినది అనే భేదం తెలిసే దారి ఉండదు.

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాము. ఒక చిన్న పట్టణంలో ఖబరస్థాన్ హద్దుల గురించి జరిగిన సభ అది. ఒక పెద్దాయన నిలబడి నిమిషంన్నర మాట్లాడారు. పైన ఫ్యాను తిరుగుతున్నది, మైకు మధ్య మధ్య కూస్తున్నది, వెనుక వరుసలో ఇద్దరు వాదించుకొంటున్నారు. ఫోను బల్ల మీద దూరంగా ఉన్నది. ఆయన తన తండ్రి కాలంలో స్థలం ఎన్ని సెంట్లో చెప్పారు. అప్పుడు గోడ లేదన్నారు. తహశీల్దారు వచ్చి కొలిచారన్నారు. కొలత కాగితం గురించి, దాని మీద సంతకం గురించి మాట్లాడారు. తొందరలో రాసేవారు దానిని ఇలా కుదిస్తారు:

"ఖబరస్థాన్ అరవై సెంట్లు ఉండేదని, తహశీల్దారు కొలిచి కాగితం ఇచ్చారని, దానిపై తాము సంతకం చేశామని వక్త తెలిపారు."

చక్కని వాక్యమే. అయితే అందులో మూడు ఊహలు ఉన్నవి. మొదటిది సంఖ్య. ఇరవై, అరవై అనే రెండు మాటలకు మొదటి అక్షరం ఒక్కటే తేడా. ఆ అక్షరం మీద మైకు కూత పడితే మిగిలేది 'రవై' మాత్రమే. యాభైకి, ఎనభైకి మధ్య కూడా ఇదే చిక్కు. దఖనీలో మాట్లాడేవారి విషయంలో సాత్, సాఠ్ అన్నవి, అనగా ఏడు, అరవై అన్నవి, దూరపు ఫోనులో ఒకటిగానే వినబడతాయి.

రెండవ, మూడవ ఊహలు ఇంకా ప్రమాదకరమైనవి. మన తెలుగులో అవుననేది, కాదనేది క్రియ చివరనే తేలుతుంది. 'ఇచ్చారు', 'ఇవ్వలేదు', 'పెట్టాము', 'పెట్టారు', 'పెట్టలేదు' అన్న మాటలలో ఎవరు చేశారు, అసలు చేశారా లేదా అన్నదంతా తోకలోనే ఉన్నది. మాట్లాడేవారి గొంతు తగ్గేది అక్కడే, సభలో కలకలం లేచేది కూడా అక్కడే. కనుక తెలుగు రికార్డులలో వాక్యపు మొదలు బాగానే వినబడి, అర్థాన్ని నిర్ణయించే ముక్క పోవడం తరచు జరుగుతుంది. 'సంతకం పెట్ట...' వరకు విని 'పెట్టాము' అని రాస్తే, ఆ కొలతకు మనవారు సమ్మతించారని మనమే రాసి ఇచ్చినట్లు అవుతుంది.

ఇటువంటి చోట మేము అనుసరించే క్రమం ఇది. సందేహమున్న చోటును ముందుగా చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోనుతో మూడుసార్లు వింటాము. అందులో ఒకసారి వేగం తగ్గించి వింటాము. అప్పటికీ తేలకపోతే రెండవ వ్యక్తికి వినిపిస్తాము. ఆ వ్యక్తికి మేము ఏమి విన్నామో ముందు చెప్పము. 'ఇది అరవయ్యేనా చూడండి' అని అడిగితే ఆ చెవికి అరవయ్యే వినబడుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన ధ్వనిశాస్త్రజ్ఞురాలు హెలెన్ ఫ్రేజర్ న్యాయస్థానాలకు వచ్చే అస్పష్టమైన రికార్డులపై పనిచేసి చూపినది కూడా ఇదే: ముందుగా ఒక పాఠం చేతిలో పెడితే, వినేవారు ఆ మాటలనే నిజంగా విన్నామని నమ్ముతారు. కాబట్టి రెండవ వ్యక్తి తాను విన్నది వేరుగా కాగితం మీద రాయాలి. ఇద్దరి రాత కలిస్తే ఆ మాటను తీసుకొంటాము. కలవకపోతే గుర్తు పెడతాము.

గుర్తులు నాలుగు చాలు. అసలేమీ వినబడకపోతే చదరపు కుండలీకరణంలో 'వినబడలేదు' అని, రికార్డులో అది ఎన్నవ నిమిషం, ఎన్నవ సెకను అన్నది రాయాలి. ఒక మాట అనిపిస్తున్నా నమ్మకం లేకపోతే ఆ మాట రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. రెండు మాటలలో ఏదో తేలకపోతే రెండూ రాయాలి. మాట వినబడి, మాట్లాడినవారెవరో తెలియకపోతే పేరు ఉండవలసిన చోట 'వక్త తెలియదు' అని రాయాలి. గొంతును బట్టి పేరు అంటగట్టరాదు. సమయం రాయడం మాత్రం ఎక్కడా మానరాదు. సమయం ఉంటే మరొకరు నేరుగా అక్కడికి వెళ్లి విని సరిచూడగలరు. సమయం లేని గుర్తు రాసినవారి బద్ధకానికి ముసుగు కావచ్చును.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటల సారాంశం ఇలా అవుతుంది:

"తన తండ్రి కాలంలో ఖబరస్థాన్ విస్తీర్ణం [ఇరవై లేక అరవై, 14:20] సెంట్లని, అప్పుడు గోడ లేదని వక్త చెప్పారు. తహశీల్దారు వచ్చి కొలిచారని చెప్పారు. కొలత కాగితం ప్రస్తావించారు. తమకు ఇచ్చారన్నారో, ఇవ్వలేదన్నారో తేలలేదు [మాట చివర వినబడలేదు, 14:31]. సంతకం ప్రస్తావించారు, పెట్టామన్నారో, పెట్టలేదన్నారో తేలలేదు [14:38]."

ఇది మొదటిదానంత నున్నగా లేదు. కాని ఇందులో ఉన్న ప్రతి మాటకు రికార్డులో ఆధారమున్నది. 'ఖబరస్థాన్‌కు కొంత స్థలం ఉండేదని చెప్పారు' అని రాసి తప్పించుకోవచ్చును గదా అని కొందరు అడుగుతారు. అది కూడా సరికాదు. ఆయన 'కొంత' అనలేదు, ఒక సంఖ్య చెప్పారు. ఆ సంఖ్య మనకు అందలేదన్న సంగతిని 'కొంత' అనే మాట దాచివేస్తుంది. మరల వెళ్లి అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

అయితే వినబడని ప్రతి ముక్కకూ సారాంశంలో గుర్తు అవసరం లేదు. పలకరింపులో ఒక మాట పోయినా, ఒకే విషయం రెండుసార్లు చెప్పినప్పుడు ఒకసారి వినబడకపోయినా వదిలివేయవచ్చును. సంఖ్య, పేరు, తేదీ, అవును-కాదు, పని చేసినది ఎవరు అన్న ఈ ఐదింటిలో ఏది అస్పష్టమైనా గుర్తు సారాంశంలోకి తప్పక రావాలి.

ఇక్కడ చదువుకున్నవారే ఎక్కువగా పడే గుంట ఒకటి ఉన్నది. సంఖ్య వినబడకపోతే కాగితాలు తీసి చూస్తారు. వక్ఫ్ గెజిట్‌లోనో, రెవెన్యూ రికార్డులోనో ఇరవై సెంట్లని ఉంటుంది. 'అయితే ఆయన ఇరవై అనే ఉంటారు' అని పూరిస్తారు. పైన చెప్పిన విషయంలో కాగితాలలో ఉన్నది ఇరవయ్యే. తరువాత మేము ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, సంఖ్య ఏదీ అందించకుండా, 'చాచా, ఆనాడు ఎన్ని సెంట్లన్నారు?' అని మాత్రమే అడిగాము. ఆయన అరవై అన్నారు. కాగితం తమకు ఇవ్వలేదని, సంతకం పెట్టలేదని కూడా చెప్పారు. అరవై ఉన్నది ఇరవైగా నమోదైనదన్నదే ఆయన ఫిర్యాదు. కాగితంలోని సంఖ్యను ఆయన నోట పెట్టి ఉంటే ఆ ఫిర్యాదు సారాంశంలోనే సమాధి అయ్యేది. ఆయన చెప్పినది నిజమా కాదా అన్నది వేరే విచారణ. ఆయన ఏమి చెప్పారన్నది మన పని.

ఆ జవాబును కూడా పాత ఖాళీలో పోయరాదు. 'సభలో ఈ మాట స్పష్టంగా లేదు. ఫలానా తేదీన అడిగినప్పుడు అరవై అని చెప్పారు' అని వేరుగా రాయాలి. సభలో చెప్పినది, తరువాత చెప్పినది, కాగితంలో ఉన్నది అన్నవి మూడు వేర్వేరు సంగతులు. మూడింటినీ కలిపివేస్తే ఎదుటివారు ఒక్క పోగు లాగి మొత్తం విప్పివేయగలరు.

న్యాయస్థానాల దృష్టి కూడా ఇటువంటిదే. రాంసింగ్ కేసులో 1985లో సుప్రీంకోర్టు టేపు రికార్డును సాక్ష్యంగా స్వీకరించడానికి కొన్ని షరతులు చెప్పింది. మాట్లాడినవారి గొంతును గుర్తించగలగాలి, రికార్డులో మార్పుచేర్పులు జరగలేదని తేలాలి, గొంతు స్పష్టంగా వినబడాలి, ఇతర శబ్దాలలో కలిసిపోరాదు అన్నవి వాటిలో ఉన్నవి. కనుక అసలు రికార్డును కత్తిరించకుండా, శబ్దం శుభ్రం చేయకుండా అలాగే భద్రపరచాలి. మనం వినడానికి వాడుకొనేది నకలు కావాలి.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. హదీసులను అందించినవారిలో అనస్ బిన్ మాలిక్ (రజి.) వంటివారు చెప్పి ముగించాక 'ఔ కమా ఖాల', అనగా 'లేక ఆయన పలికినట్లుగా' అని చేర్చేవారు. ఈమాన్ శాఖల సంఖ్యను తెలిపే హదీసు సహీహ్ ముస్లింలోని ఒక రివాయతులో అరవైకి పైన అనో, డెబ్బైకి పైన అనో రావీకి కలిగిన సందేహంతోనే నమోదైనది. సంకలనకర్త ఒక సంఖ్యను ఎంచి రెండవదాన్ని తుడిచివేయలేదు. సందేహాన్ని సందేహంగానే అందించారు.

చివరిగా రెండు హద్దులు చెప్పి ముగిస్తాము. మొదటిది, గుర్తు చెవికి అందని మాటకు మాత్రమే. మాట స్పష్టంగా వినబడి, అది పొరపాటని మనకు తెలిసినా, అన్నది అన్నట్లే రాసి మన వ్యాఖ్యను వేరుగా ఇవ్వాలి. మనకు ఇబ్బంది కలిగించే మాటను 'వినబడలేదు' అని కప్పిపుచ్చడం ఊహించి రాయడం కంటే చెడ్డది. రెండవది, ఒకరి ప్రసంగంలో గుర్తులు మాటలను మించిపోతే దానికి సారాంశం రాయకూడదు. 'ఈ ప్రసంగం రికార్డు సారాంశానికి పనికిరాదు, వక్తను మరల అడగాలి' అని ఒక పంక్తి రాసి, ఆయన ఇంటికి వెళ్లాలి. పెద్దవారి విషయంలో ఆ ప్రయాణాన్ని వాయిదా వేయకండి.

సెలవు.