జూన్ ఒకటి రాకముందే



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ గురువుగారు కాంట్రాక్టు చట్టం పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెట్టేవారు: “గడువే రాలేదు కదా, మాట తప్పాడని ఎలా అంటావు?” ఆ ప్రశ్న 1852లో ఇంగ్లండులో పుట్టింది.

ఆ ఏప్రిల్‌లో డి లా టూర్ అనే ఆయన విదేశ ప్రయాణంలో తన వెంట ఉండి ఏర్పాట్లు చూసేందుకు హాక్‌స్టర్‌ను కుదుర్చుకున్నాడు. జూన్ 1 నుంచి మూడు నెలలు పని, నెలకు 10 పౌండ్లు. మే 11న ఉత్తరం వచ్చింది: మనసు మారింది, నీ అవసరం లేదు, పరిహారమూ ఇవ్వను. హాక్‌స్టర్ మే 22న దావా వేశాడు. జూన్ 1 దాకా సిద్ధంగా ఉంటేనే దావాకు హక్కు అని ప్రతివాది వాదించాడు. 1853లో లార్డ్ క్యాంప్‌బెల్ దాన్ని ఒప్పుకోలేదు. రాని పని కోసం చేతులు కట్టుకు కూర్చోవడం కన్నా వేరే కొలువు వెతుక్కుంటే ఇద్దరికీ మేలు, నష్టమూ తగ్గుతుంది అన్నారు. నాకు ఆ తీర్పులో నచ్చేది ఈ లోకజ్ఞానమే.

అయితే వెంటనే తెంచుకోవడం హక్కే గాని విధి కాదు. ఆగవచ్చు. ఆగితే ఏమవుతుందో ‘ఏవరీ వర్సెస్ బౌడెన్’ కేసు చూపింది. ఓడ ఒడెస్సా రేవుకు చేరింది. సరుకు ఎక్కించడానికి 45 రోజుల గడువు. సరుకు లేదు, వెళ్లిపొమ్మని ఓడను కుదుర్చుకున్నవారి ఏజెంటు పదే పదే చెప్పాడు. కెప్టెన్ మాత్రం ఆశ వదలక రేవులోనే ఉండి సరుకు అడుగుతూ వచ్చాడు. గడువు తీరకముందే, 1854 మార్చి చివర, రష్యాపై బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. శత్రువు రేవులో సరుకు ఎక్కించడం చట్టవిరుద్ధమైంది. ఒప్పందం యుద్ధంతో ముగిసింది, ఓడ యజమానికి పరిహారం దక్కలేదు. ఆ మాటలను నిరాకరణగా తీసుకుని కెప్టెన్ ముందే లంగరెత్తి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

1872లో ‘ఫ్రాస్ట్ వర్సెస్ నైట్’ కేసులో కాక్‌బర్న్ ఈ తర్కాన్ని స్పష్టంగా చెప్పారు: ఆగినవాడు ఒప్పందాన్ని ఇద్దరి కోసమూ బతికిస్తాడు. మాట తప్పినవాడు మనసు మార్చుకుని పని చేయవచ్చు, మధ్యలో వచ్చిన సాకునూ వాడుకోవచ్చు.

అదే ఏడాది మన కాంట్రాక్టు చట్టం వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం అవతలివాడు తన వాగ్దానాన్ని పూర్తిగా నిరాకరిస్తే ఒప్పందాన్ని ముగించవచ్చు. అది కొనసాగడానికి మాటతోగాని నడతతోగాని సమ్మతి తెలిపి ఉండకూడదు. ఈ నడత అన్నచోటే మన కక్షిదారులు దెబ్బతింటారు. ఉత్తరం అందాక కూడా అడ్వాన్సు తీసుకుంటారు, సరుకు ఎప్పుడు పంపుతారని అడుగుతారు. తెంచుకోదలిస్తే అవతలివాడికి స్పష్టంగా తెలియజేయాలి.

ఆ సెక్షన్ కింది ఉదాహరణలో పాటగత్తె ఆరో రాత్రి కావాలనే రాదు. ఏడో రాత్రి నాటకశాల మేనేజరు సమ్మతితోనే పాడుతుంది. ఆయన ఇక ఒప్పందాన్ని తెంచలేడు. ఆ ఆరో రాత్రి నష్టం మాత్రం రాబట్టుకోవచ్చు.