దినారుకి ఇంటికి ఎన్ని రూపాయలు చేరాయి?

(మొగల్తూరులో జరిగిన సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మొగల్తూరు, నరసాపురం వైపు ఊళ్ళలో కువైట్‌కో, దుబాయ్‌కో, మస్కట్‌కో వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అక్కడ కూతురు పంపితే ఇక్కడ తల్లి సంఘం వాయిదా కడుతుంది. వెనకటిలా సెలవు రోజున ఎక్స్ఛేంజి ఆఫీసు దగ్గర లైన్లో నిలబడే పని ఇప్పుడు చాలావరకు తగ్గింది. ఫోన్లో యాప్ ఉంది. అందుకని అమ్మాయి రెండు మూడు యాప్‌ల స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్‌లో పెట్టి, "అమ్మా, దేన్లో పంపమంటావ్?" అని అడుగుతుంది. మనం ఏ బొమ్మలో పెద్ద అంకె ఉంటే అదే మంచిది అనేస్తాం. ఆ పెద్ద అంకె ఒక్కోసారి మనకి తక్కువ తెచ్చిపెడుతుంది. అది ఎలాగో, సరిగ్గా ఎలా చూడాలో ఇవాళ చెబుతాను.

పంపే డబ్బులో కోత రెండు చోట్ల పడుతుంది. ఒకటి ఫీజు. అది తెర మీద రాసి ఉంటుంది కాబట్టి అందరికీ కనపడుతుంది. రెండోది రేటులో పడే కోత. ఆ రోజు బజార్లో ఒక దినారు విలువ 280 రూపాయలు ఉందనుకోండి. గూగుల్లో కొడితే కనపడేది సుమారుగా ఆ రేటే. యాప్ మాత్రం 276కే లెక్క కడుతుంది. మధ్యలో ఉన్న నాలుగు రూపాయలు కంపెనీవి. దానికి ఫీజు అని పేరు పెట్టరు.

ధాన్యం అమ్మేటప్పుడు మనం చూస్తూనే ఉంటాం. ఒకాయన బస్తాకి మంచి ధర చెప్పి కాటా దగ్గర తరుగు తీస్తాడు. ఇంకొకాయన తరుగు లేదంటాడు, ధర తగ్గిస్తాడు. ధర ఒక్కటీ చూసినా, తరుగు ఒక్కటీ చూసినా మోసపోతాం. చివరికి మొత్తం ధాన్యానికి చేతికి ఎంత వచ్చిందన్నదే లెక్క. ఇదీ అంతే.

ఇప్పుడు బోర్డు మీద మూడు స్క్రీన్‌షాట్లు రాస్తున్నాను. అల్ ముజైనీ, అల్ ముల్లా, లులు, వెస్టర్న్ యూనియన్ లాంటి పేర్లు మీరు విని ఉంటారు. ఈ అంకెలు వాటిలో ఏ కంపెనీవీ కావు. లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. ఆ రోజు బజారు రేటు 280 అనుకుందాం. అమ్మాయి మూడు యాప్‌లలోనూ You send అన్న చోట 100 దినార్లు కొట్టింది.

మొదటి యాప్: రేటు 275.50, ఫీజు లేదు. ఇంటికి చేరేది 27,550 రూపాయలు.

రెండో యాప్: రేటు 279.20, ఫీజు 1.500 దినారు. ఇంటికి చేరేది 27,920 రూపాయలు.

మూడో యాప్: రేటు 278.60, ఫీజు 1.000 దినారు. ఇంటికి చేరేది 27,860 రూపాయలు.

చూడగానే రెండోదే మంచిదనిపిస్తుంది కదమ్మా! రేటూ ఎక్కువే, Recipient gets దగ్గర ఉన్న అంకే పెద్దదే. కానీ కింద Total to pay అన్న చోట చూడండి. మొదటి యాప్‌లో అమ్మాయి చేతిలోంచి పోయింది సరిగ్గా 100 దినార్లు. రెండో దాంట్లో ఫీజు పైన వేశారు కాబట్టి 101.500 దినార్లు పోయాయి. మూడో దాంట్లో 101 పోయాయి. పోయిన డబ్బు ఒకటి కానప్పుడు వచ్చిన డబ్బుని పోల్చకూడదు. కొన్ని యాప్‌లు ఫీజుని ఆ 100 లోంచే తీసుకుంటాయి, కొన్ని పైన వేస్తాయి. అందుకే పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెని ఒంటరిగా నమ్మకూడదు.

ఇక్కడ చేయాల్సింది ఒక్క భాగహారం. ఇంటికి చేరే రూపాయల్ని, చేతిలోంచి పోయిన మొత్తం దినార్లతో భాగించండి. ఫోన్లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు. మొదటిది 275.50 వస్తుంది. రెండోది 27,920ని 101.5తో భాగిస్తే 275.07. మూడోది 27,860ని 101తో భాగిస్తే 275.84. దీన్ని మనం అసలు రేటు అనుకుందాం. ఫీజూ, రేటులో కోతా రెండూ పోగా ఒక్కో దినారుకి ఇంటికి నిజంగా చేరేది ఇదే. ఈ లెక్కన మూడోది మేలు, తరవాత మొదటిది. చూడగానే మంచిదనిపించిన రెండోది చివరికి పోయింది.

అలాగని ఇక ఎప్పటికీ మూడో యాపే అని పట్టుకోకండి. ఎంత పంపుతున్నామన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. అమ్మాయి 50 దినార్లే పంపితే ఫీజు అంతే ఉంటుంది, డబ్బు సగమైంది. అప్పుడు అసలు రేటు మొదటి దాంట్లో 275.50, మూడో దాంట్లో 273.14, రెండో దాంట్లో 271.07. ఫీజు లేని మొదటిదే మంచిది. రెండు మూడు నెలల జీతం కలిపి 300 దినార్లు ఒకేసారి పంపితే ఫీజు ఆ పెద్ద మొత్తంలో కలిసిపోతుంది. మొదటిది 275.50 దగ్గరే ఉంటుంది, మూడోది 277.67కి, రెండోది 277.81కి వెళ్తాయి. అప్పుడు రెండోది గెలుస్తుంది. చిన్న మొత్తానికి ఫీజు చూడాలి, పెద్ద మొత్తానికి రేటు చూడాలి. ఏ మొత్తం పంపుతుందో ఆ మొత్తమే కొట్టి తీసిన స్క్రీన్‌షాట్ కావాలి. పక్కింటమ్మాయి 300కి తీసింది మన 50కి పనికిరాదు.

ఇందులోంచే ఇంకో మాట. మూడో యాప్‌లో 100 దినార్లు ఒక్కసారి పంపడానికి బదులు 50 చొప్పున రెండుసార్లు పంపితే ఫీజు రెండుసార్లు పడుతుంది. ఒక దినారు, అంటే 278 రూపాయల పైచిలుకు ఊరికే పోయినట్టే. వాయిదా తేదీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచితే నెలకి ఒక్కసారి పంపుతుంది.

ఇక స్క్రీన్‌షాట్ చదివేటప్పుడు మనవాళ్ళు పొరపడే చోట్లు చెబుతాను. దినారుకి వెయ్యి ఫిల్సులు. అందుకే చుక్క తరవాత మూడు అంకెలు రాస్తారు. 1.500 అంటే వెయ్యిన్ని ఐదొందలు కాదు, ఒకటిన్నర దినారు. కొన్ని చోట్ల రేటుని తిరగేసి కూడా చూపిస్తారు. వెయ్యి రూపాయలకి 3.571 దినార్లు అనో, రూపాయికి 0.003571 అనో ఉంటుంది. 280 రేటు అన్నా అదే అర్థం. కాకపోతే అలా రాసిన చోట తక్కువ అంకె ఉన్నదే మనకి లాభం. ఏది ఎలా రాసినా మన భాగహారం మారదు.

మూడు స్క్రీన్‌షాట్లూ ఒకే గంటలో తీసినవై ఉండాలి. రేటు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. నిన్నటి బొమ్మనీ ఇవాళ్టి బొమ్మనీ పక్కన పెడితే తేడా యాప్‌దో రోజుదో తెలియదు. ఫోన్ పైన కనపడే టైము కత్తిరించకుండా పంపమనండి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక అని గుర్తుంచుకోండి. ఇంకోటి, యాప్ తెరవగానే కనపడే రేటు చూపించడానికి మాత్రమే కావచ్చు. డబ్బు కట్టే ముందు వచ్చే ఆఖరి పేజీలో ఉన్నదే ఖాయమైన రేటు. స్క్రీన్‌షాట్ ఆ పేజీదే కావాలి. మొదటిసారి పంపేవాళ్ళకి కొన్ని యాప్‌లు ప్రత్యేక రేటు ఇస్తాయి. అది రెండో నెల ఉండదు. కొత్త యాప్‌లో మొదటి నెల వచ్చిన లెక్క చూసి మురిసిపోకుండా రెండో నెల మళ్ళీ భాగించి చూడండి.

డబ్బు వచ్చాక మన వైపు చేయాల్సిన పని ఒకటి ఉంది. స్క్రీన్‌షాట్‌లో ఉన్న రూపాయలూ, పాసుబుక్కులో పడిన రూపాయలూ ఒకటేనా అని చూడాలి. అక్కడే రూపాయల్లోకి మార్చి పంపితే మామూలుగా పైసాతో సహా సరిపోతుంది. తక్కువ పడిందంటే డబ్బు విదేశీ కరెన్సీగానే వచ్చి, మధ్యలో ఏదో బ్యాంకు చార్జీ తీసుకుందేమో, ఇక్కడి బ్యాంకు తన రేటుకి మార్చిందేమో అని అడగండి. అలా ఇక్కడ మార్చితే దాని మీద జీఎస్టీ కూడా పడుతుంది, కనీసం 45 రూపాయలు. అలాంటప్పుడు స్క్రీన్‌షాట్‌లో ఉన్న అంకెతో కాదు, పాసుబుక్కులో పడిన అంకెతో భాగించాలి.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా చూసుకోండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత కోడ్ ANDB తో మొదలయ్యేది, ఇప్పుడు UBIN తో మొదలవుతుంది. ఎప్పుడో పెట్టుకున్న పాత కోడ్ అమ్మాయి యాప్‌లో అలాగే ఉండిపోతే డబ్బు వెనక్కి పోవచ్చు. తిరిగి పంపేసరికి రోజులూ పోతాయి, రేటూ మారుతుంది, ఇక్కడ వాయిదా తేదీ దాటిపోతుంది.

ఆఖరుగా జాగ్రత్త మాట. ఎవరైనా గూగుల్ రేటు కంటే ఎక్కువ ఇస్తాం, ఫీజు కూడా వద్దు అంటే ఆగండి. మొదటిసారి ఆఫర్ని పక్కన పెడితే, చట్టప్రకారం నడిచే కంపెనీ ప్రతి నెలా నష్టానికి పంపదు. అక్కడ అమ్మాయి దగ్గర దినార్లు తీసుకుని ఇక్కడ మనకి ఎవరిదో ముక్కూమొహం తెలియని ఖాతా నుంచి వేస్తారు. అది హవాలా. ఫెమా చట్టం ఒప్పుకోదు. ఆ ఖాతాలో ఉన్నది ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బైతే, పోలీసు కేసులో మన ఖాతా కూడా ఆపేస్తారు. అప్పుడు మన పొదుపు డబ్బు కూడా మనం తీసుకోలేం. దినారుకి ఐదు రూపాయలు ఎక్కువొస్తాయని ఆ పని చేయకండి.

స్క్రీన్‌షాట్‌ని సంఘం గ్రూపులో పెట్టేటప్పుడు ఖాతా నెంబరు, సివిల్ ఐడీ నెంబరు కనపడకుండా చేసి పెట్టండి.

గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే సభ్యులు ఒక నోటుబుక్కులో నెలకి ఒక వరుస రాయండి: తేదీ, యాప్ పేరు, చేతిలోంచి పోయిన దినార్లు, ఖాతాలో పడిన రూపాయలు, భాగిస్తే వచ్చిన అసలు రేటు, ఆ రోజు గూగుల్ రేటు. భాగహారం దగ్గర ఇబ్బందైతే మీ సంఘం మీటింగుకి ఆ పుస్తకం తెచ్చి బుక్ కీపర్‌ని అడగండి. మూడు నాలుగు వరుసలు పడ్డాక, మీ అమ్మాయి పంపే మొత్తానికి ఏ యాప్ సరిపోతుందో ఆ పుస్తకమే చెబుతుంది. ఆ అమ్మాయి అక్కడ ఒకరింట్లో తెల్లారి లేచి పని చేసి సంపాదించిన దినారు. దానికి ఎన్ని రూపాయలు చేరాయో మనకి తెలిసుండాలి కదా.