కోర్టు నమ్మేదేమిటి? క్రూరత్వం, విడిచిపెట్టడం, రుజువులు

(సంఘ పెద్దలు, స్త్రీల సమాజం ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విడాకులు సరైనవా కావా అన్న వేదాంత చర్చ కోసం నేను నిలబడలేదు. దానికి వేరే సభ పెట్టుకుందాం. మన సంఘాల్లో ఒక సోదరి కొట్టుడు భరించలేక పుట్టింటికి వస్తుంది. రెండేళ్లు గడిచాక భర్త కోర్టుకు వెళ్లి, "నా భార్య నన్ను విడిచిపెట్టి వెళ్లింది" అని కేసు వేస్తాడు. అప్పుడు ఆమె చేతిలో ఏమి కాగితం ఉంటుంది? మనం, అంటే పాస్టర్లం, పెద్దలం, ఆమెకు ఏమి కాగితం ఇచ్చి ఉంటాం? నేను మాట్లాడదలచింది ఇదే.

ముందు చట్టం సంగతి. మందిరంలో క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్న వారికి వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 2001లో దాన్ని సవరించేవరకూ అది ఆడవారికి చాలా అన్యాయంగా ఉండేది. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్ల పరిత్యాగమో కూడా చూపాలి. ఎముకలు విరగ్గొట్టినా వ్యభిచారం రుజువు కాకపోతే ఆమెకు విడాకులు లేవు. 1995లో కేరళ హైకోర్టు ఈ తేడాను తప్పుపట్టింది. 2001 సవరణతో పదో సెక్షన్లో ఇద్దరికీ ఒకే కారణాలు వచ్చాయి. పిటిషన్ వేసే రోజుకు ముందు ఎడతెగకుండా కనీసం రెండేళ్లు విడిచిపెట్టి ఉండడం అందులో ఒకటి. కలిసి బతికితే తనకు హాని జరుగుతుందని సహేతుకంగా భయపడేంత క్రూరత్వం ఇంకొకటి.

ఇక్కడో చిన్న మాట. మనలో కొందరి సర్టిఫికెట్లలో ఒక మతం, పెళ్లి రిజిస్టరులో ఇంకో మతం ఉంటుంది. దాని వెనుక ఉన్న బాధ మీకు నేను చెప్పనక్కర్లేదు. వకీలు దగ్గరకు వెళ్లినప్పుడు పెళ్లి ఎక్కడ, ఏ చట్టం కింద జరిగిందో మొదటి రోజే చెప్పండి. హిందూ వివాహ చట్టం కింద పిటిషన్ వేసి, అవతలివాళ్లు మందిరం రిజిస్టరు నకలు చూపించేసరికి కేసు మొదటికి వస్తుంది.

కేసు ఎక్కడ వేయాలన్నది కూడా మనలాంటి వలసవాసులకు ముఖ్యమే. మన చట్టం ప్రకారం పెళ్లి జరిగిన ఊరు, ఇద్దరూ ఉంటున్న ఊరు, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న ఊరు, వీటిలో ఏ ఊరిమీద అధికారమున్న కోర్టులోనైనా వేయవచ్చు. హిందూ చట్టంలో భార్య తాను ఇప్పుడు ఉంటున్న చోట వేసుకునే వీలు ఉంది. మన చట్టంలో ఆ మాట లేదు. కాబట్టి పెళ్లి బరంపురంలో జరిగి, కాపురం బెంగళూరులో పెట్టి, తల్లిదండ్రులు బరంపురంలోనే ఉన్న అమ్మాయి అక్కడే వేసుకోవచ్చు. తల్లిదండ్రులు ఈలోగా పర్లాకిమిడికి మారిపోతే అక్కడ వేయడం కష్టం.

ఇక అసలు విషయం. ఆ బరంపురం అమ్మాయినే తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, నేను చూసిన కొన్నింటిని కలిపి చెబుతున్నాను. పెళ్లయిన రెండో ఏడు నుంచి భర్త తాగి కొట్టేవాడు. ఒకసారి చెవి దగ్గర దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరు అడిగితే, "బాత్‌రూములో జారిపడ్డాను" అంది. ఓపీ చీటీ మీద అదే రాశారు. సంఘంలో పెద్దలు కూర్చుని రాజీ చేశారు, ఆమె తిరిగి కాపురానికి వెళ్లింది. ఎనిమిది నెలల తరువాత మళ్లీ కొట్టాడు. బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. రెండేళ్లు దాటాక భర్త పరిత్యాగం అంటూ నోటీసు పంపాడు.

పరిత్యాగం అంటే ఇల్లు వదిలి వెళ్లడం మాత్రమే కాదు. 1956 చివర్లో బిపిన్‌చంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది. విడిగా ఉండాలి, కాపురం శాశ్వతంగా వదిలేయాలనే ఉద్దేశమూ ఉండాలి. అవతలి మనిషి అందుకు ఒప్పుకొని ఉండకూడదు, వెళ్లిపోయేలా అతనే కారణం కల్పించి ఉండకూడదు. ఆ కేసులో భార్య పుట్టింటికి వెళ్లింది. భర్త వకీలు ద్వారా, ఇక ఆమెను ఉంచుకోదలచుకోలేదని ఉత్తరం రాయించాడు. తరువాత ఆమె వస్తోందని తెలిసి పంపవద్దని టెలిగ్రాం కొట్టాడు. ఆ టెలిగ్రామే అతని కేసుకు పెద్ద దెబ్బ అయింది. రావద్దన్నవాడు, రాలేదని ఫిర్యాదు చేయలేడు కదా! అప్పీలు కొట్టేశారు.

మన అమ్మాయి దగ్గర టెలిగ్రాం లేదు. వాట్సాప్ ఉంది. "రావద్దు, నీ సామాను లారీలో వేస్తాను" అని అతను పంపిన మెసేజ్ ఉంది. ఈ ఒక్క వాక్యం ఇరవై మంది సాక్షులకంటే గట్టిది. ఇంకా ముందుకు వెళ్లి చూస్తే, కొట్టి తరిమినవాడే చట్టం దృష్టిలో విడిచిపెట్టినవాడు అవుతాడు. గుమ్మం దాటింది ఎవరన్నది కాదు, దాటేలా చేసింది ఎవరన్నదే కోర్టు చూస్తుంది.

కానీ ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైలులో పెడితే సరిపోదు. ఫోన్నే కోర్టుకు చూపించాలి, లేదా ప్రింటుతోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. పూర్వం ఇది సాక్ష్య చట్టం 65బి సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్. కొత్త ఫారంలో రెండు భాగాలు ఉన్నాయి, ఒకటి ఫోను వాడినవారు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఫోను పాడైందని పారేయకండి, అమ్మేయకండి. నంబరు పోర్టు చేసినా పాత హ్యాండ్‌సెట్ దాచండి. ఫోన్లో మాట్లాడినది రహస్యంగా రికార్డు చేస్తే చెల్లుతుందా అని చాలామంది అడుగుతున్నారు. భార్యాభర్తల మధ్య కేసులో అలాంటి రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో కత్తిరించి అతికించినది మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్లో నిలబడదు.

క్రూరత్వం దగ్గరకు వద్దాం. హిందూ చట్టంలో 1976 తరువాత ఉత్త "క్రూరత్వం" అన్న మాటే మిగిలింది. మన చట్టంలో ఆ పాత పద్ధతిలోనే, హాని జరుగుతుందన్న సహేతుకమైన భయం కలగాలని ఉంది. 1975లో దస్తానే కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది సరిగ్గా అలాంటి మాటలకే. అందుకే అది మనకు చాలా పనికొస్తుంది. ప్రాణానికో అవయవానికో ప్రమాదం ఉండాల్సిన పని లేదని ఆ తీర్పు చెప్పింది. క్రిమినల్ కేసులోలాగ అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదనీ, రెండు పక్కల మాటల్లో ఏది ఎక్కువ సంభవమో చూస్తే చాలనీ చెప్పింది. తరువాత 1988లో హైదరాబాదుకు చెందిన శోభారాణి కేసు వచ్చింది. భర్త డాక్టరు. తన తల్లిదండ్రులు కొన్ని వేల రూపాయలు అడగడంలో తప్పేమీ లేదని ఆయనే భార్యకు ఉత్తరం రాశాడు. కింది కోర్టులు తేలికగా తీసుకున్నా, సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్ని పట్టుకుంది. బాధపెట్టాలన్న ఉద్దేశం నిరూపించనక్కర్లేదు, కట్నం అడగడమే క్రూరత్వమని తేల్చింది. ఆయన చేతిరాతే ఆమెకు సాక్షి.

మన అమ్మాయి విషయంలో చిక్కు ఆ ఓపీ చీటీ. జారిపడ్డానని తానే చెప్పింది. ఇప్పుడు భర్త కొట్టాడంటే, అవతలి వకీలు ఆ చీటీ చూపించి ఏది నిజమని నిలదీస్తాడు. జవాబు లేకపోలేదు. భర్త పక్కనే నిలబడి ఉన్నాడనీ, అదే రాత్రి అక్కకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాననీ ఆమె చెప్పవచ్చు. అక్క వచ్చి సాక్ష్యం ఇవ్వవచ్చు. బంధువు అన్నంత మాత్రాన ఆ సాక్ష్యం పనికిరాదని కాదు, నాలుగు గోడల మధ్య జరిగేదానికి ఇంటివాళ్లు కాక ఎవరు సాక్షులు? ఇంటి ఓనరు కేకలు విని ఉంటే ఇంకా మంచిది. అయినా డాక్టరుకు నిజం చెప్పి ఉంటే ఈ తిప్పలన్నీ ఉండేవి కావు. స్త్రీల సమాజంలో ఉన్న అక్కలారా, ఆసుపత్రికి తోడు వెళ్లేది మీరే. డాక్టరు ఎదుట భర్తను బయటకు పంపించమని అడగండి.

పోలీసు స్టేషన్లో కేసు కట్టలేదు కాబట్టి రుజువు లేదనుకోవద్దు. తమిళనాడులో సి.ఎస్.ఆర్. రసీదు, కర్ణాటకలో ఎన్.సి.ఆర్. కాగితం కూడా ఆ తేదీన ఆమె ఫిర్యాదు చేసిందని చూపిస్తాయి. అలాగని లేనిది కల్పించి ఫిర్యాదు చేయవద్దు. అబద్ధపు క్రిమినల్ కేసులు పెట్టడం కూడా క్రూరత్వమేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

పిటిషన్లో "ఎప్పుడూ హింసించేవాడు" అని రాస్తే పని జరగదు. ఏ నెల, ఏ ఇంట్లో, ఏమి అన్నాడు, ఎవరు విన్నారు అన్నవి రాయాలి. పిటిషన్లో రాయని సంఘటనను తరువాత సాక్ష్యంలో చెబితే కోర్టు పక్కన పెడుతుంది. ఆలస్యం కూడా ఒక సమస్యే. కారణం లేని ఆలస్యం ఉంటే డిక్రీ నిరాకరించే అధికారం పద్నాలుగో సెక్షన్ కోర్టుకు ఇచ్చింది.

ఇక మన రాజీ సంగతి. దస్తానే కేసులో ఇంకో సగం ఉంది. అక్కడ భార్య క్రూరంగా ప్రవర్తించిందని కోర్టు ఒప్పుకుంది. అయినా భర్త ఆ తరువాత కాపురం కొనసాగించాడు కాబట్టి దాన్ని క్షమించినట్టేనని, అతను అడిగిన జ్యుడీషియల్ సెపరేషన్ ఇవ్వలేదు. అయితే ఆ క్షమాపణ షరతుతో కూడినదేననీ, మళ్లీ అలాంటి ప్రవర్తన జరిగితే పాతది కూడా లెక్కలోకి వస్తుందనీ అదే తీర్పు చెప్పింది. మన అమ్మాయిని పెద్దలు తిరిగి పంపారు. అతను మళ్లీ కొట్టాడు. కాబట్టి పాత దెబ్బలు కూడా చెప్పుకోవచ్చు. కానీ ఆ రాజీ కాగితంలో పెద్దలు ఏమి రాశారు? "ఇద్దరూ తమ తప్పులు ఒప్పుకొని సమాధానపడ్డారు" అని. ఆమె తప్పేమిటో ఎవరికీ తెలియదు, రాతలో మాత్రం ఉంది. ఆ కాగితాన్ని భర్త వకీలు ఎంత ఇష్టంగా దాఖలు చేస్తాడో ఊహించండి. ఇలా సమం చేసి రాయడం మన సంఘాలకు అలవాటైపోయింది. అది శాంతి కాదు, దెబ్బతిన్న మనిషి మీద వేసిన రెండో భారం అని నా అభిప్రాయం.

రాస్తే జరిగినది రాయండి. ఫలానా తేదీన ఫలానా ఫిర్యాదు వచ్చింది, భర్త ఇలా ఒప్పుకున్నాడు, మళ్లీ చేయనని మాట ఇచ్చాడు. అతనిచేతనే సంతకం పెట్టించండి. భర్త మన ముందు ఒప్పుకున్నది అతని మీద నేరుగా పనికొచ్చే సాక్ష్యం. భార్య వచ్చి మనకు చెప్పుకున్నది మాత్రం దెబ్బ తగిలిందనడానికి రుజువు కాదు, అప్పుడే చెప్పిందనడానికి ఆసరా అవుతుంది. ఒంటిమీద కమిలిన గుర్తు మనం చూసి ఉంటే అది మన సొంత సాక్ష్యం.

పాస్టరుగారితో చెప్పుకున్నది రహస్యం కదా, కోర్టు అడగకూడదు కదా అని కొందరనుకుంటారు. వకీలుకు ఉన్న రక్షణ మన దేశ సాక్ష్య చట్టంలో పాస్టరుకు లేదు. సమన్లు వస్తే వెళ్లాలి, అడిగితే చెప్పాలి. కాగితం పంపి ఊరుకుంటే కుదరదు, రాసినవారు బోనెక్కి ఇది నా సంతకమని చెప్పి, ప్రశ్నలకు నిలబడాలి. అక్కడ, "అప్పుడే ఎందుకు పోలీసులకు చెప్పలేదు?" అని మనల్నే అడుగుతారు.

మీ వెస్ట్రీలో ఒక నోటు పుస్తకం పెట్టండి, పేజీలకు నంబర్లు వేసి ఉండాలి. ఇంటి గొడవ మన దగ్గరకు వచ్చిన ప్రతిసారీ తేదీ, వచ్చినవారు, చెప్పినది, మనం కళ్లతో చూసినది వేరువేరుగా రాయండి. ఆ పుస్తకాన్ని తాళం వేసిన బీరువాలో ఉంచండి. పాస్టరు బదిలీ అయితే చార్జి లిస్టులో మందిరం రిజిస్టర్లతోపాటు దాన్నీ చేర్చండి.