మంజూరు దాటిన ఖర్చు



ఖజానా నుండి రూపాయి బయటికి రావాలంటే చట్టసభ అనుమతి ఉండాలి. ఏ శాఖ ఎంత ఖర్చు చేయవచ్చునో సభ ముందుగా మంజూరు చేస్తుంది. సంవత్సరం ముగిశాక, ఆ మంజూరునూ అసలు ఖర్చునూ పక్కపక్కన చూపే పద్దులను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అనగా కాగ్, తనిఖీ చేసి నివేదిక ఇస్తారు. రాష్ట్రాలలో ఆ నివేదిక గవర్నరు ద్వారా సభకు చేరి, అక్కడి నుండి ప్రజా పద్దుల సంఘం ముందుకు వస్తుంది. సంఘం శాఖాధికారులను పిలిచి సంజాయిషీ అడుగుతుంది. మంజూరుకు మించి ఖర్చయితే, రాజ్యాంగం 205వ అధికరణం ప్రకారం ఆ అదనపు మొత్తానికి సభ తిరిగి ఆమోదం తెలపాలి.

ఈ ఏర్పాటు ఎక్కడ జారిపోగలదో బీహారు దాణా కుంభకోణం చూపింది. అక్కడి పశుసంవర్ధక శాఖ ఏటేటా మంజూరును ఎంతో మించి ఖర్చు చేసింది. దొంగ కేటాయింపు ఉత్తర్వులు, సరఫరాదారుల దొంగ బిల్లులు చూపి జిల్లా ఖజానాల నుండి సొమ్ము తీశారు. మొత్తం 900 కోట్ల రూపాయలకు పైగా పోయిందని అంచనా.

దీనికి గుర్తు రహస్యమేమీ కాదు. అది పద్దులలోనే ఉంది. పశువుల సంఖ్య అంతగా పెరగకుండానే దాణా, మందుల ఖర్చు మంజూరును దాటిపోతూ వచ్చింది. తనిఖీదారులు ఆ మాట రాశారు కూడా. అయితే కాగ్‌కు సొమ్ము ఆపే అధికారం లేదు, నేరస్థుని శిక్షించే అధికారం లేదు. జవాబు రాబట్టవలసినది ప్రజా పద్దుల సంఘం. అక్కడే గొలుసు తెగింది. సంఘం పరిశీలిస్తున్నదన్న కారణం చూపి ఇతర విచారణలను నిలిపివేశారు. ఆ సంఘానికి అధ్యక్షత వహించిన వారిలో ఒకరిని అనంతరం ఈ కేసులోనే న్యాయస్థానం దోషిగా నిర్ణయించింది.

చివరికి 1996 జనవరిలో చాయిబాసాలో జిల్లా డిప్యూటీ కమిషనరు అమిత్ ఖరే జరిపిన సోదాలతో రుజువులు బయటపడ్డాయి. ఆ మార్చిలో పాట్నా హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

కనుక తనిఖీ నివేదిక చేతికి వచ్చినప్పుడు మూడు సంగతులు చూడండి. మంజూరుకు మించిన ఖర్చు ఏ పద్దులో ఉంది? అది ఎన్నేళ్లుగా సాగుతోంది? సభ దానిని ఆమోదించిందా, లేక ఆ విషయం పెండింగులోనే ఉందా? ఒక ఏడాది అదనపు ఖర్చుకు వరదో కరువో కారణం కావచ్చు. అదే పద్దు ఏటేటా మించుతూ, ఏటేటా జవాబు లేకుండా ఉంటే, అడగవలసిన ప్రశ్న అంకెలను గురించి కాదు, జవాబు చెప్పనివారిని గురించి. మన నగరపాలక సంస్థ లెక్కలలోని ఆడిట్ అభ్యంతరాలను కూడా ఈ చూపుతోనే చదవవచ్చును.