కూలి పెరిగితే పని తగ్గుతుందా? 2011 కోనసీమ పంట విరామం చెప్పే లెక్క
(అమలాపురంలో చేసిన స్మారకోపన్యాసం)

 

కనీస వేతనం గురించి మాట్లాడమన్నారు. మన దేశంలో దీనికి 1948 నుంచి చట్టం ఉంది. కానీ ఊడ్పుల గట్టు మీద దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ అమలు చేయరు. మన చేలల్లో కూలికి నిజంగా అడుగుమట్టం వేసింది ఉపాధి హామీ పథకం. అది తూర్పు గోదావరికి 2007లో వచ్చింది. 2011 జనవరిలో మన రాష్ట్రంలో దాని రోజు కూలి 100 నుంచి 121 రూపాయలైంది. అదే ఏడాది సార్వాకు అమలాపురం చుట్టుపక్కల మండలాల్లో రైతులు నాట్లు వేయకుండా పొలాలు బీడు పెట్టారు. ఆ విస్తీర్ణం లక్ష ఎకరాలకు దగ్గరగా ఉంటుందని అప్పట్లో చెప్పుకున్నారు. దేశమంతా మన వైపు చూసింది. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. రైతుల కోర్కెల్లో గిట్టుబాటు ధరతో పాటు, సాగు రోజుల్లో ఉపాధి పనులు ఆపాలన్నది కూడా ఉంది.

ఆ విరామాన్ని చూపించి చాలామంది అదే రుజువు అన్నారు. కూలికి అడుగుమట్టం వేస్తే పని పోతుందని తేల్చేశారు. ఆ తీర్పు నాకు తొందరపాటుగా కనిపిస్తుంది. అలాగని కూలి ఎంత పెంచినా పనులు తగ్గవనే మాటనూ నేను ఒప్పుకోను.

ముందు ఒక ఎకరం లెక్క చూద్దాం. ఇది ఫలానా రైతుది కాదు, మీ ముందు వేసి చూపడానికి నేను కట్టుకున్న లెక్క. ఎకరానికి 75 కిలోల బస్తాలు 25 పండాయనుకుందాం. అంటే 18 క్వింటాళ్ల 75 కిలోలు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. మొత్తం 20,250 వస్తుంది. అందులో ఎనిమిది బస్తాలు, అంటే 6,480 రూపాయలు, కౌలు కింద పోతాయి. విత్తనం, ఎరువు, దుక్కి, మందులు కలిపి 6,500 అనుకుందాం. మిగిలేది 7,270. ఊడ్పు, కలుపు, కోత, నూర్పిడికి ముప్పై మంది కూలీలు కావాలి. మనిషికి 150 ఇస్తే 4,500 పోయి రైతుకు 2,770 మిగులుతుంది. కూలి 250 అయితే 7,500 పోయి, 230 చేతి నుంచి పడుతుంది. అప్పుడు నాటు వేయకపోవడమే మేలు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. కూలి పెరిగినప్పుడు మిగతావి ఎందుకు కదల్లేదు? ధాన్యం ధర పైన ఢిల్లీలో తేలింది. కౌలు సాగుకు ముందే బస్తాల్లో ఖాయమైంది, పంట ఎలా పండినా అది కట్టాల్సిందే. కూలి కింద నుంచి పెరిగింది. మూడు వైపులా బిగిస్తే కౌలు రైతు చేతిలో మిగిలేది ఒకటే, ఎంత మందిని పిలవాలి, అసలు పిలవాలా వద్దా అన్నది. అదే లెక్కలో కౌలు ఎనిమిది బస్తాల నుంచి అయిదుకు దిగితే, 250 కూలి ఇచ్చిన తర్వాత కూడా రైతుకు 2,200 మిగులుతుంది. పొలం బీడు పడదు, ముప్పై మందికీ పని ఉంటుంది. పని పోవడానికి కూలి ఎంత కారణమో, కదలని కౌలూ అంతే కారణం. అప్పటి వాదోపవాదాల్లో కౌలు మాట గట్టిగా వినిపించకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

కూలి పెరిగితే పని తగ్గుతుందా అన్నది బయటి దేశాల్లోనూ పరీక్షించి చూశారు. అమెరికాలో 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. డేవిడ్ కార్డ్, అలెన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను, కూలి పెంచని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా హోటళ్లతో పోల్చి చూశారు. ఉద్యోగాలు తగ్గిన జాడ కనబడలేదు. ఆ ఫలితం మీద ఇతర ఆర్థికవేత్తలు గట్టిగా ఎదురువాదం చేశారు, ఆ చర్చ ఇంకా ముగియలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అయితే అక్కడి హోటలువాడికి తినుబండారం ధర కొద్దిగా పెంచుకునే వెసులుబాటు ఉంది. ఉప్పలగుప్తం రైతుకు ధాన్యం ధర పెంచుకునే దారి లేదు.

కూలి పెంచితే పని పెరిగే సందర్భం కూడా ఉంది. వంతెనలు లేని రోజుల్లో ఒక లంక గ్రామాన్ని ఊహించండి. పని ఇచ్చే ఆసాములు ఇద్దరో ముగ్గురో. పది మంది 100 రూపాయలకు వస్తారు, పదకొండో మనిషి 110 అడుగుతాడు. అతనికి 110 ఇస్తే మిగతా పది మందికీ పది చొప్పున పెంచాలి. ఆ ఒక్క మనిషి ఆసామికి 210 పడతాడు. అందుకని ఆసామి అతన్ని పిలవడు, పని కొంత మిగిలిపోయినా ఊరుకుంటాడు. చట్టమే అందరికీ 110 అని ఖాయం చేస్తే పదకొండో మనిషి ఖర్చు 110 మాత్రమే. ఆసామి పిలుస్తాడు. కూలీ పెరిగింది, మనుషులూ పెరిగారు.

మన ఊరు ఏ రకమో ఎలా తెలుస్తుంది? కూలి పెరగక ముందు చూడండి. ఆసాములు మనుషులు దొరకడం లేదంటూనే కూలి పెంచకుండా ఉంటే, ఒకే మాట మీద ఉండి కూలిని అణచి ఉంచారని అర్థం. అక్కడ అడుగుమట్టం మేలే చేస్తుంది. కూలీలు పొద్దున్నే సెంటర్లో నిలబడి పని లేక వెనక్కి పోతుంటే, అక్కడ కూలిని మరీ పైకి లేపితే వెనక్కి పోయేవాళ్లు ఎక్కువవుతారు.

ఉపాధి హామీకీ కనీస వేతన చట్టానికీ ఒక పెద్ద తేడా ఉంది. చట్టం తక్కువకు పిలవొద్దంటుంది, పిలవకపోతే కార్మికురాలికి ఏమీ ఇవ్వదు. ఉపాధి హామీ చేతికి ఇంకో పని ఇచ్చింది, వంద రోజుల దాకానే అయినా. అందుకే దాని ప్రభావం వేరుగా కనిపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో స్మార్ట్‌కార్డులతో ఈ పథకం చెల్లింపులను మెరుగుపరిచినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అధ్యయనం చేశారు. పేద ఇళ్ల రాబడి పన్నెండు, పదమూడు శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో అత్యధిక భాగం పథకం నుంచి కాక బయటి పనుల నుంచి వచ్చింది. బయటి కూలి పెరిగినా బయటి పని తగ్గలేదు. దేశం మొత్తాన్ని చూసిన ఇంబర్ట్, పాప్ పరిశోధనలో మాత్రం కూలి పెరిగినా ప్రైవేటు పని తగ్గింది. ఒకే పథకం, రెండు జవాబులు. ఏది ఎక్కడ కదలగలదన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

మన కోనసీమలో కూలి పెరగడానికి ఉపాధి హామీ ఒక్కటే కారణం కాదు. ఇక్కడి ఆడవాళ్లు ఎందరో కువైట్ వెళ్లారు. మగవాళ్లు ఇళ్ల నిర్మాణ పనులకు పోయారు. డ్రెయిన్లు పూడిపోయి చేలో నీరు నిలిస్తే కోత యంత్రం దిగబడుతుంది. అప్పుడు చేతి కోతే గతి, ఖర్చు రెట్టింపు. మురుగు పారుదల బాగు చేస్తే తగ్గే ఖర్చును కూలివాళ్ల మీద వేయడం అన్యాయం.

పొలం బీడు పడ్డప్పుడు ఎవరు నష్టపోయారు? సొంత పొలం ఉన్నవారికి కొబ్బరి ఉంది. పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉన్నవారికి వేరే రాబడి ఉంది. ఊడ్పు ముఠాల్లోని ఆడవాళ్లకు మాత్రం ఆ సీజను పోయింది. పెరిగిన కూలి చేతికి రావాలంటే ముందు పిలుపు రావాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. నాట్లు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం అరవై రోజుల దాకా పనులు ఆపే వీలు అందులో ఉంది. 2011లో మన రైతులు అడిగింది దాదాపు ఇదే. దాని వల్ల రైతుకు మనుషులు దొరకొచ్చు. కానీ కూలీకి బేరమాడే బలం ఉండేది సరిగ్గా ఆ అరవై రోజుల్లోనే, ఆ రోజుల్లోనే ఇంకో పని లేకుండా పోతుంది. కౌలు బస్తాలను అలాగే ఉంచి భారమంతా ఊడ్పు కూలి మీదికి దించడం నాకు సమ్మతం కాదు. ఆ అరవై రోజులు ఎప్పుడో తేల్చేటప్పుడు అధికారులు రైతు సంఘాలతో పాటు ఊడ్పు ముఠాలను కూడా కూర్చోబెట్టి అడగాలి. అదే బల్ల మీద పంటను బట్టి మారే వాటా కౌలు గురించి భూయజమానులతోనూ మాట్లాడాలి.